మైదాకు మీద రసాయన రంగు: ఒకే పేరు వెనుక మూడు పదార్థాలు

ఉపోద్ఘాతం

కోస్తా ప్రాంతంలో గోరింటాకు అని వ్యవహరించే దానిని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పరిసరాల్లో మైదాకు అంటారు. పెరటి చెట్టు నుండి తెంపి, రోట్లో నూరి, ఆషాఢంలో చేతులకు పెట్టుకొనేది మైదాకు. ఆ ఆకే ఎండి, పొడిగా మారి, పొట్లంలో దుకాణానికి వచ్చేసరికి మెహందీ అవుతుంది. నెరిసిన జుట్టును నల్లబరుస్తానని చెప్పే పొట్లం ‘కాలీ మెహందీ’ అవుతుంది. ఈ మూడూ ఒకే ఆకు అన్నది సాధారణ నమ్మకం.

మైదాకు పెట్టిన జుట్టుకు రసాయన రంగు వేస్తే కొందరికి ఏ హానీ జరగదు. కొందరి జుట్టు ఆకుపచ్చ ఛాయకు తిరుగుతుంది. మరికొందరికి వెంట్రుకలు మధ్యలో తెగి చేతిలోకి వస్తాయి. ఈ తేడాకు మూలం ఆకులో లేదు, ఆకు పేరుతో పొట్లంలో చేరిన ఇతర పదార్థాలలో ఉంది. దానిని వివరించడమే ఈ వ్యాస పరిధి.

రెండు రంగులు పట్టే తీరు

మైదాకులోని రంగు పదార్థం లాసోన్. నూరిన ఆకును నీటితోనో కొద్దిగా పులుపుతోనో కలిపి కొన్ని గంటలు ఉంచితే అది విడుదలవుతుంది. వెంట్రుక ప్రధానంగా కెరాటిన్ అనే మాంసకృత్తు. లాసోన్ వెంట్రుక పైపొరలలోకి ఇంకి కెరాటిన్‌తో రసాయన బంధం ఏర్పరచుకొంటుంది. అందువల్ల అది తలస్నానంతో పోదు. అయితే దానికి వెంట్రుక సహజవర్ణాన్ని తొలగించే శక్తి లేదు. నల్లని వెంట్రుకపై ఎండలో మాత్రమే కనిపించే ఎరుపుగా, తెల్లని వెంట్రుకపై నారింజ ఎరుపుగా తోస్తుంది. పెట్టిన ప్రతిసారీ ఒక పొర చేరి రంగు చిక్కబడుతుంది.

రసాయన రంగు పద్ధతి దీనికి భిన్నం. అమోనియా వెంట్రుక పైపొలుసులను తెరుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలి సహజవర్ణాన్ని కొంత తొలగిస్తూనే, పారాఫినిలిన్‌డయమిన్ వంటి రంగులేని చిన్న అణువులను ఆక్సీకరిస్తుంది. అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్ద రంగు అణువులై లోపలే చిక్కుకుంటాయి. పెరాక్సైడ్ అరగంట పాటు నెమ్మదిగా పనిచేయడం మీదనే ఈ ప్రక్రియ అంతా ఆధారపడి ఉంది. అది అదుపు తప్పితే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

ఆకు మాత్రమే ఉన్నప్పుడు

స్వచ్ఛమైన మైదాకు మీద రసాయన రంగు వేస్తే వచ్చే చిక్కు ఛాయకు సంబంధించినదే. లాసోన్ పెరాక్సైడ్‌కు సులభంగా లొంగదు కనుక గోధుమ రంగు కోరినవారికి ఎరుపు కలిసిన గోధుమ రంగు వస్తుంది. మొదళ్లలో ఒక రంగు, కొనల్లో మరొకటి కనిపిస్తుంది. మైదాకుతో పాటు నీలి ఆకు పొడి కూడా వాడినవారు జుట్టును తేలికపరచబోతే ఆకుపచ్చ ఛాయ తేలే అవకాశం ఉంది. ఇవి చూపుకు బాధ కలిగించేవే గాని జుట్టును తెంపేవి కావు. ఇంట్లో ఇనుప మూకుడులో టీ డికాక్షన్‌తో నానబెట్టే అలవాటు ఉన్నవారి విషయం కొంత వేరు. టీలోని టానిన్, ఇనుము కలిసి ముద్దను నల్లబరుస్తాయి. అంటే స్వల్పంగానైనా జుట్టుకు లోహం చేరుతుంది.

ఒక సందర్భం

మల్లాపూర్‌కు చెందిన నలభై ఐదేళ్ల గృహిణిని ఊహించుకొందాం. ఏడాదిగా నెలకొకసారి దుకాణపు పొట్లం వాడుతున్నది. బిడ్డ పెండ్లి దగ్గర పడగా గోధుమ రంగు వేయించుకోవడానికి కోరుట్లలోని పార్లర్‌కు వెళ్లింది. “ఇంతకుముందు కలర్ ఏమన్నా ఏసుకున్నరా అక్కా?” అని అక్కడి అమ్మాయి అడిగితే, “లేదు బిడ్డా, మైదాకే పెట్టుకుంట” అన్నది. ఆమె భాషలో అది నిజమే. రసాయనశాస్త్ర దృష్టిలో కాకపోవచ్చు.

ఆ పొట్లంలో రాగి లవణం ఉన్నదనుకొందాం. రాగి పెరాక్సైడ్‌ను అతివేగంగా విడగొట్టే ఉత్ప్రేరకం. అరగంటలో జరగవలసిన చర్య నిమిషాల్లో జరుగుతుంది, వేడి పుడుతుంది, నురుగు లేస్తుంది, వెంట్రుక లోపలి కెరాటిన్ బంధాలు తెగుతాయి. జుట్టు నెలకు దాదాపు 1 సెంటీమీటరు పెరుగుతుంది గనుక మొదటి 12 సెంటీమీటర్లలో కొనకు వెళ్లే కొద్దీ పొరలు పెరుగుతాయి. అంతకు పైన ఉన్న పాత వెంట్రుకకు పన్నెండు పొరలూ పట్టాయి. కాబట్టి ఆమె మొదళ్లలో రంగు సరిగానే పట్టి, పొడవులో జుట్టు తెగుతుంది. మొదళ్లు బాగున్నాయి కదా అని రంగు నాణ్యతను శంకించరు, జుట్టు బలహీనమని సరిపెట్టుకొంటారు. నా దృష్టిలో ఈ పొరపాటు నిర్ధారణే సమస్య మళ్లీ మళ్లీ జరగడానికి కారణం.

మైదాకు మీద రంగు వేయరాదన్న పార్లర్ల నియమం కూడా ఇక్కడిదే. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఐరోపా, అమెరికాలలో ఆకుపొడికి సీసం, వెండి, రాగి లవణాలు చేర్చి వివిధ ఛాయల్లో అమ్మేవారు. ఆ మిశ్రమాల అనుభవం నుండి పుట్టిన నిషేధం ఆకు మొత్తానికి అంటుకుంది.

దీనిని ముందే తెలుసుకొనే పాత పరీక్ష ఒకటి ఉంది. వెనుకభాగం నుండి కొన్ని వెంట్రుకలు కత్తిరించి దారంతో కట్టాలి. గాజు పాత్రలో 30 మిల్లీలీటర్ల 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు 20 చుక్కల గాఢ అమోనియా కలిపి, అందులో అరగంట ఉంచాలి. ద్రవం కాగినట్లు పొంగి, వెంట్రుక లాగితే తెగిపోతే రాగిని అనుమానించాలి. వెంటనే వెలిసిపోతే సీసాన్ని, ఎంతసేపటికీ ఏ మార్పూ లేకపోతే వెండిని అనుమానించాలి. మామూలు వెంట్రుక క్రమంగా కొద్దిగా వెలుస్తుంది, కాని తెగదు. అమోనియా ఆవిరి కళ్లను మండిస్తుంది కనుక కిటికీలు తెరచి, చేతితొడుగులతో చేయాలి. లోహం తేలితే తలస్నానాలతో పోదు. 30 సెంటీమీటర్ల జుట్టు పూర్తిగా పెరిగి మారడానికి రెండున్నర ఏళ్లు పడుతుంది.

తారుమారు క్రమం, కాలీ మెహందీ

రసాయన రంగు మీద ఆకును పెట్టినప్పుడు ఈ ఉపద్రవం సాధారణంగా ఉండదు. ముద్దలో పెరాక్సైడ్ లేకపోవడమే కారణం. బ్లీచింగ్‌తో గుల్లబారిన భాగాలు లాసోన్‌ను అధికంగా పీల్చి మచ్చలుగా ముదురు నారింజకు తిరుగుతాయి, అంతే.

కాని పెట్టినది కాలీ మెహందీ అయితే లెక్క మారుతుంది. ఆకు ఒక్కటే గంటలోపు జుట్టును నల్లగా చేయలేదు. అలా చేసే పొట్లంలో తరచు ఉండేది పారాఫినిలిన్‌డయమిన్. అంటే వాడేవారు రంగు మాని మైదాకుకు మారామనుకొని, రంగు మీద మళ్లీ రంగే వేస్తున్నారు. ఇక్కడ నష్టం జుట్టుకన్నా చర్మానికి ఎక్కువ. ఈ పదార్థం కొందరిలో ఆలస్యంగా బయటపడే అలర్జీని కలిగిస్తుంది. పెండ్లిలో నల్లని కోన్ డిజైన్ వేయించుకొన్నప్పుడు శరీరం దానిని గుర్తుపట్టడం నేర్చుకొంటుంది. అప్పుడు ఏమీ కనిపించకపోవచ్చు. ఏళ్ల తరువాత మొదటిసారి రసాయన రంగు వేసిన ఒకటి రెండు రోజులకు నెత్తి దురద, నీరు కారే పొక్కులు, కళ్లు మూసుకుపోయేంత ముఖవాపు వస్తాయి. వీరు కూడా మైదాకు తప్ప ఏమీ వాడలేదనే చెబుతారు.

భారతీయ నియమాల ప్రకారం ఈ రకం రంగుల పొట్లాలపై ముందస్తు చర్మపరీక్ష చేసుకోవాలనీ, కనురెప్పల వెంట్రుకలకూ కనుబొమ్మలకూ వాడరాదనీ ఆంగ్లంలోనూ స్థానిక భాషలోనూ హెచ్చరిక ఉండాలి. పేరు ఏదైనా, ఆ హెచ్చరిక ఉన్న పొట్లాన్ని రసాయన రంగుగానే లెక్కించాలి. చర్మపరీక్ష ఫలితాన్ని కూడా గంటలో తేల్చరాదు. చెవి వెనుక కొద్దిగా రాసి కనీసం 48 గంటలు చూడాలి. పార్లర్‌లో అడగవలసిన ప్రశ్న “రంగు వేసుకొన్నారా?” అన్నది కాదు, “మీరు పెట్టుకొన్న మైదాకు చెట్టుదా, పొట్లందా? పెట్టినప్పుడు ఎర్రబడిందా, నల్లబడిందా?” అన్నది.