పదిహేను మార్కుల కేసును బిట్లుగా విడగొట్టడం

బీకాం, ఎంబీఏ ప్రశ్నపత్రాల చివర్లో తరచుగా ఒక కేసు కనిపిస్తుంది. అరపేజీ వ్యాపార కథ, దాని కింద ‘పై కేసును విశ్లేషించండి’ అని ఒకే వాక్యం, పక్కన 15 మార్కులు. ఏం విశ్లేషించాలో విద్యార్థికి తెలియదు. కాబట్టి ఆ పాఠంలో గుర్తున్నదంతా నాలుగు పేజీలు రాస్తాడు. దేనికి ఎన్ని మార్కులు వేయాలో దిద్దేవాళ్ళకూ తెలియదు. అందుకని ఎనిమిదో తొమ్మిదో వేసి పేజీ తిప్పేస్తారు. బాగా ఆలోచించినవాడికీ, బాగా బట్టీపట్టినవాడికీ దాదాపు ఒకే మార్కు పడుతుంది. ఈ నష్టం తప్పాలంటే కేసును బిట్లుగా విడగొట్టాలి. ప్రతి బిట్టూ ముందుదానికంటే ఒక మెట్టు పైన ఉండాలి, ప్రతి మార్కూ దేనికో తెలియాలి. ఒక కేసును మొదటినుంచి తయారుచేస్తూ అదెలాగో చూద్దాం.

ముందు సమయం సంగతి. మూడు గంటల్లో 75 మార్కుల పేపరంటే మార్కుకు రెండున్నర నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. ఆ లెక్కన పదిహేను మార్కుల కేసుకు 36 నిమిషాలు. చదివి అర్థం చేసుకోవడానికి ఆరు నిమిషాలు పోతే, రాయడానికి మిగిలేది అరగంట. తరగతి గదిలో చర్చకు వాడే కేసులు పదీ ఇరవై పేజీలుంటాయి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1920లలో ఆ పద్ధతిని స్థిరపరిచినప్పటి నుంచీ విద్యార్థులు వాటిని ముందురోజే చదువుకుని వస్తున్నారు. పరీక్ష హాల్లో ఆ వెసులుబాటు లేదు కాబట్టి కేసు పది పన్నెండు వాక్యాలు దాటకూడదు. అందులో ప్రతి అంకే ఏదో ఒక బిట్టులో పనికిరావాలి.

తర్వాత వ్యాపారం ఎంపిక. ఆవకాయ యూనిట్ అనగానే బాగుంటుందనిపిస్తుంది. కానీ నెలనెలా ఒకే సంఖ్యలో ఆవకాయ తయారవుతుందని రాస్తే, ఇంట్లో ఏటా వేసవిలోనే ఆవకాయ పెట్టడం చూసిన విద్యార్థి ఆ అంకెల్ని నమ్మడు. ఏడాది పొడవునా తయారయ్యేది కావాలి. అందుకే కందిపొడి తీసుకున్నాను. కేసు ఇదీ:

ఒక చిన్న యూనిట్ అరకిలో కందిపొడి ప్యాకెట్లు తయారుచేసి కిరాణా దుకాణాలకు ఒక్కొక్కటి రూ.180కి రొక్కానికి అమ్ముతోంది. ప్యాకెట్ మీద చర వ్యయం రూ.120, ఇదంతా రొక్కంగానే చెల్లించాలి. నెలకు స్థిర వ్యయం రూ.2,40,000. ప్రస్తుత అమ్మకం నెలకు 5,000 ప్యాకెట్లు. ఇప్పుడున్న యంత్రాలతో, మనుషులతో 7,500 వరకు తయారుచేయగలరు, అంతవరకు స్థిర వ్యయం పెరగదు. ఒక సూపర్ మార్కెట్ సంస్థ ఏడాదిపాటు నెలకు 3,000 ప్యాకెట్లు రూ.140 చొప్పున కొంటానంది. ప్యాకెట్ మీద ఆ సంస్థ పేరే ఉంటుంది. సరుకు అందిన 60 రోజులకు డబ్బు చెల్లిస్తుంది. ఆర్డర్ మొత్తం తీసుకోవాలి, కొంత తగ్గించి ఇస్తామంటే మళ్ళీ మాట్లాడుకోవాలి. యజమాని చేతిలో రూ.3,00,000 నగదు ఉంది.

ఈ కేసులో ఒక మాట కావాలనే రాయలేదు. ‘యజమాని డబ్బు సరిపోదేమోనని ఆందోళన పడుతున్నాడు’ అన్న వాక్యం చాలా కేసుల్లో ఉంటుంది. కథకు అది ప్రాణం పోస్తుందేమో గానీ, విద్యార్థి కనిపెట్టాల్సిన విషయాన్ని మనమే చెప్పేసినట్టవుతుంది. అంకెలు ఇస్తే చాలు, ఆందోళన విద్యార్థే పడాలి.

మొదటి బిట్టు (అ): ఈ యూనిట్ నెలకు ఎన్ని ప్యాకెట్లు అమ్మితే లాభనష్టాలు లేకుండా ఉంటుంది? ఇప్పటి పరిస్థితి గురించి ఆ అంకె ఏం చెబుతోంది? దీనికి మూడు మార్కులు. ప్యాకెట్‌కు కాంట్రిబ్యూషన్ రూ.60 అని పట్టుకుంటే ఒకటి, స్థిర వ్యయాన్ని దాంతో భాగించి 4,000 ప్యాకెట్లు తెస్తే ఒకటి. ఇప్పటి అమ్మకం దానికంటే వెయ్యి ప్యాకెట్లు ఎక్కువ, అంతమేరకు అమ్మకం పడిపోయినా నష్టం రాదు అని చెబితే మూడోది. ఇక్కడ ‘బ్రేక్-ఈవెన్ పాయింట్‌ను నిర్వచించండి’ అని అడగడం సులభమే. కానీ కథను చేత్తో కప్పేసినా జవాబు రాయగలిగే బిట్టు కేసులో భాగం కాదు. దాని స్థానం షార్ట్ ఆన్సర్ల విభాగంలో.

రెండో బిట్టు (ఆ): ఆర్డర్ మొత్తం ఒప్పుకుంటే నెలవారీ లాభం ఎంత మారుతుంది? నాలుగు మార్కులు. ఈ కేసుకు గుండెకాయ ఇక్కడే ఉంది. ఖాళీ సామర్థ్యం 2,500, అడిగినవి 3,000. కాబట్టి దుకాణాలకు వెళ్ళే సరుకులో 500 ప్యాకెట్లు తగ్గించక తప్పదు. ఆర్డర్ మీద ప్యాకెట్‌కు 20 చొప్పున రూ.60,000 వస్తుంది, దుకాణాల వైపు 500 ప్యాకెట్లకు 60 చొప్పున రూ.30,000 పోతుంది. నికరంగా మిగిలేది రూ.30,000. అంటే నెల లాభం 60,000 నుంచి 90,000 అవుతుంది. సామర్థ్యం చాలదని గమనించినందుకు ఒక మార్కు, వచ్చేదానికి ఒకటి, పోయేదానికి ఒకటి, తుది లెక్కకు ఒకటి.

విద్యార్థులు ఇక్కడ చేయబోయే తప్పుల్ని పేపర్ సెట్టర్ ముందే ఊహించి స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌లో రాసిపెట్టాలి. రెండు తప్పులు తప్పకుండా వస్తాయి. మొదటిది, సామర్థ్యాన్ని చూడకుండా లాభం రూ.60,000 పెరుగుతుందనడం. ఆ విద్యార్థికి ఆర్డర్ కాంట్రిబ్యూషన్ మార్కూ, తన లెక్కకు తగ్గ తుది జవాబు మార్కూ కలిపి నాలుగుకు రెండు ఇవ్వాలి. రెండోది ఇంకా లోతైన తప్పు. స్థిర వ్యయాన్ని 5,000 ప్యాకెట్లకు పంచి ఒక్కోదానికి రూ.48 కలిపి, ‘మనకు పడేది రూ.168, వాళ్ళిచ్చేది రూ.140, కాబట్టి నష్టం’ అని తేల్చేయడం. కూడిక తప్పలేదు, ఆలోచనే తప్పింది. స్థిర వ్యయం ఆర్డర్ వచ్చినా రాకపోయినా ఉండేదే. దీన్ని లెక్క జారిన తప్పుగా చూసి మార్కులు పంచకూడదు. సామర్థ్యం సంగతి గమనించి ఉంటే ఆ ఒక్క మార్కు మాత్రం అతనిదే.

ఒక బిట్టు తప్పితే తర్వాతవన్నీ కూలిపోవడం బిట్లుగా అడిగే కేసుల్లో వచ్చే పెద్ద అన్యాయం. (అ)లో 60కి బదులు 50 వేసినవాడు, తర్వాత దాన్నే సరిగ్గా వాడితే (ఆ)లో ఆ అడుగు మార్కు పోకూడదు. ఒక తప్పుకు ఒకసారే శిక్ష. దిద్దేవాళ్ళు విద్యార్థి అంకెతోనే ముందుకు లెక్కవేసి చూడాలన్న మాట స్కీమ్‌లో స్పష్టంగా ఉండాలి. అంతకంటే మేలైనది బిట్లనే తక్కువగా ఆధారపడేలా అల్లడం. ఈ కేసులో (ఆ)కు 4,000 అన్న జవాబుతో పనే లేదు. (అ) పూర్తిగా వదిలేసినవాడు కూడా దాన్ని చేయగలడు.

మూడో బిట్టు (ఇ) నగదు గురించి, మూడు మార్కులు. దీన్ని ‘ఈ ఆర్డర్ వల్ల నగదు ఎంత తగ్గుతుంది?’ అని అడిగామనుకోండి. ప్రశ్న రాసినవాళ్ళు కాగితం మీద పూర్తిగా చేసి చూసుకుంటే గానీ తెలియని చిక్కు బయటపడుతుంది. ఒకరు ఆర్డర్ సరుకునే చూస్తారు. నెలకు 3,000 ప్యాకెట్లు, 120 చొప్పున రూ.3,60,000. రెండు నెలలకు రూ.7,20,000. చేతిలో ఉన్నవి మూడు లక్షలు, కాబట్టి లోటు రూ.4,20,000. మరొకరు వ్యాపారం మొత్తాన్ని చూస్తారు. దుకాణాలకు వెళ్ళే 4,500 ప్యాకెట్ల మీద స్థిర వ్యయం పోగా నెలకు రూ.30,000 మిగులుతుంది, రెండు నెలల్లో అది 60,000. కాబట్టి లోటు రూ.3,60,000. రెండూ తప్పు కాదు. స్కీమ్‌లో ఒకటే అంకె ఉంటే మాత్రం, ఎక్కువ ఆలోచించినవాడికే సున్నా పడుతుంది. అందుకే ప్రశ్నను ఇలా మార్చాలి: ‘సూపర్ మార్కెట్ నుంచి మొదటి చెల్లింపు అందేలోపు ఈ ఆర్డర్ సరుకు తయారీకి మాత్రమే ఎంత డబ్బు పెట్టాలి? చేతిలో ఉన్న నగదుతో పోల్చండి.’ ‘మాత్రమే’ అన్న ఒక్క మాటతో జవాబు ఒకటే అవుతుంది. అయినా రెండో దారిలో వచ్చినవాళ్ళకూ పూర్తి మార్కులివ్వమని స్కీమ్‌లో ఒక వాక్యం చేర్చడం నయం.

చివరి బిట్టు (ఈ): యజమానికి మీ సలహా ఏమిటి? ఏ షరతు మారితే మీ సలహా మారుతుంది? అయిదు మార్కులు. అవుననీ కాదనీ చెప్పే జవాబులు రెండూ పూర్తి మార్కులకు అర్హమైనవే. మార్కు పడేది నిర్ణయానికి కాదు, దాన్ని నిలబెట్టిన తీరుకు. కాబట్టి ఇక్కడ అడుగుకో మార్కు అన్న పద్ధతి పనిచేయదు, స్థాయిలు కావాలి. పుస్తకంలోని మాటలతో, కేసు అంకెలు లేకుండా సలహా ఇస్తే ఒకటి లేదా రెండు. లాభం పెరుగుతుంది గానీ నగదు చాలదు అని తన (ఆ), (ఇ) జవాబుల్ని ఎదురెదురుగా పెట్టి తూచితే మూడు లేదా నాలుగు. ఆ పైన, సలహాను మార్చే షరతును అంకెతో చూపిస్తే అయిదు. సామర్థ్యంలో 40 శాతం ఒకే కొనుగోలుదారు చేతిలోకి వెళ్ళడం, ప్యాకెట్ మీద తన పేరు లేకపోవడం లాంటివి అంకెలకు తోడుగా తూకంలోకి తెచ్చినా మూడు నాలుగు స్థాయిలో లెక్కకు వస్తాయి.

బాగా చదివే విద్యార్థి ఇక్కడ ఒక సంగతి కనిపెడతాడు. 3,000 బదులు 2,500 ప్యాకెట్లే ఇస్తామని ఒప్పిస్తే దుకాణాల అమ్మకం తగ్గదు, నెల లాభం రూ.1,10,000 అవుతుంది. పెద్ద ఆర్డర్ కంటే చిన్న ఆర్డర్ రూ.20,000 ఎక్కువ తెస్తుంది! గడువు 60 రోజుల నుంచి 30కి తగ్గితే మధ్యలో పెట్టాల్సింది రూ.3,00,000, అంటే సరిగ్గా చేతిలో ఉన్నంత. ఈ దారి తెరిచి ఉండేలా అంకెల్ని ఎంచడానికే కేసు రాయడంలో ఎక్కువ సమయం పట్టింది. అయితే పూర్తి మార్కులకు దీన్నే షరతుగా పెట్టకూడదు. బ్యాంకు రుణం దొరికితే వడ్డీ పోను ఎంత మిగులుతుందో చూపినవాడికీ ఆ అయిదో మార్కు దక్కాలి.

ఇప్పుడు మార్కులు కూడితే మూడు, నాలుగు, మూడు, అయిదు. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ఆలోచనా స్థాయుల్ని గుర్తుంచుకోవడం దగ్గర మొదలుపెట్టి పైకి వరసగా పేర్చిన దగ్గర్నుంచీ, ప్రశ్నపత్రంలో ఆ స్థాయులన్నీ ఉండాలన్న ఒత్తిడి పెరుగుతూ వచ్చింది. ప్రతి కేసులోనూ అన్ని స్థాయుల్నీ నింపనక్కర్లేదు. ఈ కేసులో నిర్వచనం లేదు, లేకపోయినా లోటు లేదు. చూడాల్సిందల్లా సగటు విద్యార్థికి మొదటి రెండు బిట్లలో అయిదారు మార్కులు అందుతున్నాయా, చివరి మూడు నాలుగు మార్కులు మంచి విద్యార్థిని మిగతావారి నుంచి వేరుచేస్తున్నాయా అన్నదే. ‘మీ సలహా ఏమిటి?’ అన్నదానికి రెండే మార్కులు పెడితే రెండు వాక్యాలే వస్తాయి, పది పెడితే చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెబుతారు.

పేపర్ అచ్చుకు వెళ్ళేముందు, ఈ కేసును చూడని తోటి అధ్యాపకుడి చేత గడియారం పెట్టి రాయించాలి. ఆయనకు పదిహేను నిమిషాలు దాటితే విద్యార్థికి అరగంట చాలదు. అప్పుడు అంకెల్ని తేలికచేయాలి, లేదా ఒక బిట్టు తీసేయాలి. పరీక్ష అయ్యాక కూడా మొత్తం మార్కుల్ని కాకుండా బిట్టు వారీగా చూడాలి. (ఈ)ని చాలామంది వదిలేసి ఉంటే సమయం చాలలేదని అర్థం. (ఈ)లో అందరికీ మూడే పడి ఉంటే దిద్దినవాళ్ళు స్థాయిల్ని వాడలేదన్నమాట. (ఆ)లో మార్కులు రెండు దగ్గరే గుంపుగా ఆగిపోతే విద్యార్థులు 7,500 అన్న అంకెను దాటుకుంటూ వెళ్ళిపోయారు. తర్వాతి ఏడాది క్లాసులో ప్రత్యేక ఆర్డర్ల లెక్కలు చెప్పేటప్పుడు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.