షుగర్, అంగస్తంభన: భోజనం తర్వాతి రెండు గంటలు

షుగర్ మందులు వాడే మగవాళ్లు డాక్టర్‌ దగ్గర అరికాళ్ల మంటల గురించి చెబుతారు, కంటిచూపు గురించి అడుగుతారు. పడకగదిలో వచ్చిన మార్పు గురించి మాత్రం నోరు విప్పరు. వయసు మీద పడుతోందిలే అని సరిపెట్టుకుంటారు, లేదంటే భార్య మీద చిరాకు పడతారు. అలా ఏళ్లు గడిచిపోతాయి. నిజానికి ఆ మొదటి ఏళ్లే ముఖ్యం. అంగస్తంభనకు షుగర్ చేసే హాని మొదట్లో చాలావరకు అదుపులో పెట్టగలిగేదే. నరాల దాకా పాకిన తర్వాత పూర్తిగా వెనక్కి తిప్పడం కష్టం.

అంగం లోపల పొడవునా స్పాంజ్ లాంటి రెండు గొట్టాలు ఉంటాయి. మామూలు వేళల్లో వాటి గోడల్లోని కండరాలు బిగుసుకునే ఉంటాయి కాబట్టి లోపలికి రక్తం కొద్దిగానే వస్తుంది. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి వెన్నుపాము మీదుగా సంకేతం అందుతుంది. అంగంలోని నరాల కొసలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతాయి. రక్తనాళాల లోపలి పొర కూడా అదే వాయువును తయారుచేసి ఆ పనిని కొనసాగిస్తుంది. దాంతో కండరాలు సడలుతాయి, రక్తం వేగంగా నిండుతుంది, నిండిన గొట్టాలు బయటికి వెళ్లే సిరలను నొక్కిపట్టి రక్తాన్ని అక్కడే నిలుపుతాయి. ఈ వాయువు గుండె, రక్తనాళాలలో ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇదే దారిలో పనిచేసే సిల్డెనాఫిల్ మాత్ర, అంటే వయాగ్రా, అమెరికా మార్కెట్‌లోకి వచ్చిందీ ఆ సంవత్సరమే.

రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే దెబ్బ తగిలేది సరిగ్గా ఈ వాయువుకే. అదనపు గ్లూకోజ్‌తో రక్తనాళాల లోపలి పొర కణాలలో హానికర పదార్థాలు పుడతాయి. అవి నైట్రిక్ ఆక్సైడ్‌ను పని చేయకముందే హరించేస్తాయి, కొత్తగా తయారు కావడాన్ని కూడా తగ్గిస్తాయి. ఏళ్ల తరబడి ఇదే సాగితే నాళాల గోడలు గట్టిపడతాయి. నరాలకు రక్తం అందించే అతి సన్నని నాళాలు కూడా పాడవుతాయి కాబట్టి సంకేతమే బలహీనపడుతుంది. కోరిక ఎప్పటిలాగే ఉంటుంది, శరీరం మాత్రం దానికి బదులు పలకదు. షుగర్ వచ్చినవాళ్లను ఎక్కువగా కుంగదీసేది ఇదే. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1987-89లో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, పూర్తిగా అంగస్తంభన లేనివాళ్లు మొత్తం మీద నూటికి పది మంది దాకా ఉంటే, షుగర్‌కు మందులు వాడేవాళ్లలో 28 మంది ఉన్నారు.

ఇక్కడ గుండె సంగతి కూడా చెప్పుకోవాలి. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు ఒకటి, రెండు మిల్లీమీటర్లే. గుండె ధమనులు మూడు, నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. రెండిట్లోనూ ఒకే రకం జబ్బు ముదురుతున్నా, దాని ప్రభావం సన్నటి ధమనిలో ముందు బయటపడుతుంది. అందుకే ఛాతీనొప్పి కంటే కొన్నేళ్ల ముందే పడకగదిలో తేడా కనిపించవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. 48 ఏళ్ల దుకాణదారు, షుగర్ వచ్చి ఏడేళ్లు. నెలకోసారి పరగడుపున పరీక్ష చేయించుకుంటాడు. ఫలితం 128 వస్తే కంట్రోల్‌లోనే ఉందనుకుని ఊరుకుంటాడు. ఏడాదిగా తెల్లవారుజామున సహజంగా వచ్చే అంగస్తంభన తగ్గిపోయింది. ఒక్కరోజులో కాదు, మెల్లగా. ఈ రెండూ ముఖ్యమైన ఆనవాళ్లు. మనసు ఒత్తిడి వల్ల వచ్చిన సమస్య అయితే సాధారణంగా ఉన్నట్టుండి మొదలవుతుంది, తెల్లవారుజామున మాత్రం అంతా మామూలుగానే ఉంటుంది. ఈయన హెచ్‌బీఏ1సీ చూస్తే 8.6 వచ్చింది. అంటే గత రెండు, మూడు నెలల్లో సగటు షుగర్ 200 దగ్గర ఉంది. పరగడుపున 128 ఉన్న మనిషికి సగటు 200 ఎలా వచ్చింది? మధ్యాహ్నం రెండింటికి కంచం నిండా అన్నం తిన్నాక రెండు గంటలకు చూస్తే 262. రాత్రి కొట్టు కట్టేసి పదింటికి తిని, వెంటనే పడుకుంటాడు. ఆ తర్వాత ఎంతుందో ఎన్నడూ చూసుకోలేదు. పరగడుపు అంకె ఆయనకు చూపించింది రోజులో కెల్లా మంచి ఘడియను మాత్రమే. షుగర్ ఒక్కసారిగా పైకెగసినప్పుడు ఆ కొన్ని గంటలలోనే రక్తనాళాల లోపలి పొర పని మందగిస్తుంది. ఈయనకు అది రోజూ రెండుపూటలా జరుగుతోంది.

కాబట్టి మార్చాల్సింది ముందుగా ఆ రెండు గంటలను. కంచంలో మొదట కూర, పప్పు, వీలైతే గుడ్డో చేపో తిని, అన్నం చివర్లో, ఇప్పుడు తినే దాంట్లో సగం తినాలి. ముందు పీచు, మాంసకృత్తులు వెళితే పిండిపదార్థం నెమ్మదిగా అరిగి షుగర్ అంత ఎత్తుకు ఎగబాకదు. తిన్న అరగంటలోపు లేచి పావుగంట నడవాలి. నడిచే కండరాలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. పొద్దున్నే చేసే గంట వాకింగ్ మంచిదే, కానీ అది మధ్యాహ్నం అన్నం తర్వాత ఎగబాకే షుగర్‌ను దించదు. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా కానివ్వాలి. దుకాణంలోనే టిఫిన్ డబ్బా తెరవాల్సి వచ్చినా సరే. వారానికి రెండు, మూడు రోజులు భోజనానికి ముందు, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌లో చూసి రాసుకోవాలి. చాలామందికి ముందు 80-130, తర్వాత 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు లక్ష్యంగా పెడతారు. పెద్దవయసు వాళ్లకు, షుగర్ తరచూ పడిపోయేవాళ్లకు డాక్టర్ కొంచెం సడలిస్తారు. బీడీ, సిగరెట్ మానకపోతే మాత్రం ఈ కష్టంలో సగం వృథా, ఎందుకంటే పొగ కూడా దెబ్బతీసేది ఆ లోపలి పొరనే.

ఇది ఎంత కాపాడుతుందనేది ఎప్పుడు మొదలుపెట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది. అమెరికా, కెనడాలలో 1983 నుంచి 1993 దాకా టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ల మీద పెద్ద అధ్యయనం జరిగింది. ఒక వర్గానికి హెచ్‌బీఏ1సీ 7 దగ్గర ఉంచారు, రెండోదానికి 9 దగ్గర ఉండిపోయింది. అది ముగిసి పదేళ్లయ్యాక మగవాళ్లను అడిగారు. చేరేనాటికే కంటి నరాల పొరలో కొద్దిపాటి నష్టం మొదలైనవాళ్లలో, గట్టిగా అదుపు చేసిన వర్గంలో నూటికి 13 మందికి అంగస్తంభన లోపం ఉంటే, రెండో వర్గంలో 31 మందికి ఉంది. ఏ నష్టమూ లేకుండా చేరినవాళ్లలో మాత్రం ఆనాటికి రెండు వర్గాల మధ్య అంత తేడా కనిపించలేదు. టైప్ 2 ఉన్నవాళ్లకు ఇవే అంకెలు వర్తిస్తాయని చెప్పలేం. వాళ్లకు బరువు, బీపీ, కొలెస్ట్రాల్ కూడా కలిసి వస్తాయి.

మన దుకాణదారు మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీని 7.4కు దించాడనుకుందాం. తెల్లవారుజామున మళ్లీ కొంత మార్పు కనిపించవచ్చు, ఇరవైల నాటి పటుత్వం రాకపోవచ్చు. మాత్ర కొంతకాలం అవసరం కావచ్చు. ఎక్కువ షుగర్‌ను వారాల్లోనే హఠాత్తుగా దించేస్తే కొందరికి నరాల మంటలు పెరుగుతాయి కాబట్టి, ఆ వేగాన్ని డాక్టర్ నిర్ణయించాలి. ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు తిండి తగ్గించేటప్పుడు మందు మోతాదు గురించి ముందే అడగాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. బీపీ మందు వల్లే ఇలా అయిందన్న అనుమానం వస్తే దాన్ని సొంతంగా ఆపకూడదు. వేరేది మార్చమని అడగవచ్చు.

మందుల షాపులో తెలిసినవాళ్ల చేత మాత్ర తెప్పించుకోవడం మన ఊళ్లలో మామూలే. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి మందు వాడుతున్నవాళ్లు సిల్డెనాఫిల్, టడలాఫిల్ ముట్టకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదకు వచ్చేంతగా పడిపోతుంది. పేరు లేని శక్తి క్యాప్సూళ్లలో కూడా అదే మందు చెప్పకుండా కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. మాత్ర కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజే ఈసీజీ, కొలెస్ట్రాల్, బీపీ చూడమని అడగాలి. కోరిక కూడా తగ్గితే ఉదయం పూట టెస్టోస్టిరాన్ పరీక్ష కూడా చేయించాలి.