టైమ్‌లైన్ తెరిచే ముందే 25

జిల్లా స్థాయిలో నడిచే చిన్న చానల్‌కి సొంత ఎడిటర్లు ఒకరిద్దరే ఉంటారు. వంటలు, భక్తి, వ్యవసాయం లాంటి కార్యక్రమాల ఎడిటింగ్ బయటివాళ్లకి ఇస్తారు. వాళ్లకి మేనేజర్ పంపే ఉత్తరం ఒక్క పేజీయే అయినా, ప్రసారం సాఫీగా సాగడం దాని మీదే ఆధారపడుతుంది.

అందులో మొదటి మాట ఇలా ఉండాలి: "ఎడిటింగ్ మొదలుపెట్టే ముందే టైమ్‌లైన్‌ని సెకనుకి 25 ఫ్రేములకు పెట్టండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మార్చకండి." మన కరెంటు 50 హెర్ట్జ్. మన టీవీ ప్రసారం కూడా మొదటినుంచీ దానికి తగ్గట్టు 25 ఫ్రేముల మీదే నడుస్తోంది. ఫోన్లు మాత్రం మామూలుగా 30 దగ్గర ఉంటాయి. 30లో ఎడిట్ చేసిన వీడియోని 25గా ఎక్స్‌పోర్ట్ చేస్తే, సాఫ్ట్‌వేర్ సాధారణంగా ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి తీసేస్తుంది. మాట్లాడే మనిషి క్లోజప్‌లో అది కనిపించదు. పొలం మీదుగా కెమెరా మెల్లగా తిరిగే షాట్‌లోనో, కింద పరిగెత్తే అక్షరాల్లోనో సెకనుకి ఐదుసార్లు చిన్న కుదుపు వస్తుంది. అనుమానంగా ఉంటే అలాంటి షాట్ దగ్గర ఆపి, ఒక్కో ఫ్రేమూ ముందుకి జరపాలి. నాలుగు అడుగులు సమానంగా పడి ఐదోది పెద్దదైతే, తప్పు దొరికినట్టే. ఆ ఫైల్‌ని సరిచేయడం కుదరదు, పోయిన ఫ్రేములు తిరిగి రావు. అందుకే వీలైతే షూటింగ్ దగ్గరే 25 పెట్టించుకోవాలి. షట్టర్ 1/50 అయితే ట్యూబ్‌లైట్ల మినుకుమినుకు కూడా తగ్గుతుంది.

ఫార్మాట్ గురించి రెండు ముక్కలు చాలు: 1920×1080, 50 మెగాబిట్ల ఎమ్ఎక్స్ఎఫ్. 24 నిమిషాల ఎపిసోడ్ వీడియోయే దాదాపు 9 జీబీ అవుతుంది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది నలిగిపోయి వస్తుంది కాబట్టి, డ్రైవ్ లింకో హార్డ్ డిస్కో కావాలి.

ఇక ఫైల్ పేరు. నా దృష్టిలో ఎక్కువ ప్రమాదం ఇక్కడే. "ఫైనల్", "కొత్త ఫైనల్" అని పేర్లు పెట్టుకుంటూ పోతే రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి ఏది వేయాలో తెలియదు. ఉత్తరంలో నమూనా ఇవ్వాలి:

```
VANTA_E014_20250612_V01.mxf
```

కార్యక్రమం, ఎపిసోడ్, ప్రసార తేదీ, వెర్షన్. ఖాళీలు వద్దు, తెలుగు అక్షరాలూ వద్దు. కొన్ని పాత ప్లేఅవుట్ యంత్రాలు వాటిని చదవలేవు. E14 అనకుండా E014 అని ఎందుకంటే, అక్షరక్రమంలో పేర్చే చోట E10 వచ్చి E2 కంటే ముందు కూర్చుంటుంది. సున్నాలు ఉంటే వరస తప్పదు. సంవత్సరాన్ని ముందు రాయడమూ ఇందుకే.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. స్పాన్సర్ పేరులో ఒక్క అక్షరం దిద్దినా V02 అని పంపాలి. అదే పేరుతో మళ్లీ పంపితే, సర్వర్‌లో అప్పటికే ఎక్కిన పాత కాపీయే ప్రసారానికి వెళ్లవచ్చు. V02 పంపినప్పుడు షెడ్యూల్ వేసే మనిషికి ఫోన్ కూడా చేయాలి, ఎందుకంటే ప్లేలిస్ట్‌లో ఇంకా V01 పేరే రాసి ఉంటుంది.