గుణిస్తూ పోతే తేలే సంఖ్య

ఒక చిన్న మాత్రిక తీసుకుందాం. పై వరుసలో 4, 1. కింది వరుసలో 2, 3. దీంతో ఏదైనా సదిశను, అంటే ఒక సంఖ్యల జంటను, గుణిస్తే మరో జంట వస్తుంది. మామూలుగా దాని దిశ మారిపోతుంది. కొన్ని జంటలు మాత్రం దిశ తప్పవు, పొడవే మారుతుంది. (1, 1) కాస్తా (5, 5) అవుతుంది. (1, -2) వెళ్లి (2, -4) అవుతుంది. ఆ 5, 2 ఈ మాత్రికకు ఐగెన్ విలువలు. గుర్తు పట్టించుకోకుండా చూస్తే పెద్దదైన 5 ప్రధాన ఐగెన్ విలువ.

ఇంత చిన్నదానికి వర్గ సమీకరణం సాధిస్తే సరిపోతుంది. లక్షల వరుసలుంటే ఆ దారిన పోలేం. అప్పుడు ఘాత పద్ధతి అక్కరకొస్తుంది. దాన్ని 1929లో రిచర్డ్ ఫాన్ మీజెస్, హిల్డా పొలాచెక్-గైరింగర్ ఒక వ్యాసంలో వివరించారు. చేయాల్సింది ఒకటే: ఏదో ఒక సదిశతో మొదలుపెట్టి గుణిస్తూ పోవడం, అంకెలు మరీ పెరిగిపోకుండా ప్రతిసారీ మొదటి సంఖ్య 1 అయ్యేలా భాగించడం. ఆ భాగించిన సంఖ్యే ఐగెన్ విలువకు మన అంచనా.

(1, 0)తో మొదలుపెడదాం. గుణిస్తే (4, 2). అంచనా 4, మిగిలిన సదిశ (1, 0.5). మళ్లీ గుణిస్తే (4.5, 3.5). అంచనా 4.5. ఆ తర్వాత వరసగా 4.778, 4.907, 4.962, 4.985. సదిశ కూడా (1, 1) వైపు జరుగుతూ ఉంటుంది.

ఎందుకిలా? మనం మొదలుపెట్టిన (1, 0)లో (1, 1) మూడింట రెండు వంతులు, (1, -2) మూడింట ఒక వంతు కలిసి ఉన్నాయి. కూడి చూడండి, సరిపోతుంది. ఒక్కో గుణకారంతో మొదటి భాగం 5 రెట్లవుతుంది, రెండోది 2 రెట్లే. రెండూ పెరుగుతున్నా, మొదటిదాని పక్కన రెండోదాని వాటా ప్రతి మెట్టుకూ 2/5కి, అంటే 0.4కి, తగ్గిపోతుంది. మనకు కనిపించే పొరపాటు ఆ వాటా నుంచే వస్తుంది. లెక్కలోనే చూడొచ్చు: 5కి మన అంచనాకు తేడా 1, 0.5, 0.222, 0.093, 0.038, 0.015. పక్కపక్క తేడాల నిష్పత్తి 0.5తో మొదలై 0.44, 0.42, 0.41 మీదుగా 0.4కి దగ్గరవుతోంది.

అభిసరణ రేటు అంటే ఇదే: రెండో పెద్ద ఐగెన్ విలువను మొదటిదానితో భాగిస్తే వచ్చేది. మాత్రిక ఎంత పెద్దదన్నది కాదు, ఆ రెండింటి మధ్య ఎంత ఎడముందన్నదే మెట్ల సంఖ్యను తేలుస్తుంది. నిష్పత్తి 0.4 అయితే ఒక్కో దశాంశ స్థానం కచ్చితత్వానికి రెండున్నర మెట్లు చాలు. 0.99 అయితే దాదాపు 229 కావాలి.

చాలామంది బోల్తా పడేది ఎక్కడ ఆపాలన్న దగ్గర. వరస అంచనాల మధ్య మార్పు చిన్నదైతే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ నిష్పత్తి 0.99 అయినప్పుడు మార్పు 0.0001 ఉంటే, ఇంకా మిగిలిన పొరపాటు దానికి దాదాపు 99 రెట్లు, అంటే 0.01 దాకా ఉంటుంది. నిష్పత్తిని r అంటే, మార్పును r/(1-r)తో గుణిస్తే మిగిలిన దూరం సుమారుగా తెలుస్తుంది. మన లెక్కలో 4.907 నుంచి 4.962కి మార్పు 0.055. దాన్ని 0.4/0.6తో గుణిస్తే 0.037. అసలు తేడా 0.038. r ముందే తెలియకపోయినా ఫరవాలేదు, పక్కపక్క మార్పులను ఒకదానితో ఒకటి భాగిస్తే అదే బయటపడుతుంది.

అసలే కుదరని సందర్భాలూ ఉన్నాయి. (1, -2)తోనే మొదలుపెడితే అందులో (1, 1) వాటా సున్నా, కాబట్టి జవాబు 2 దగ్గరే ఆగిపోతుంది. యాదృచ్ఛికంగా ఎంచుకున్న సదిశకు ఈ ప్రమాదం దాదాపు ఉండదు. ఐగెన్ విలువలు 5, -5 లాంటివైతే నిష్పత్తి పరిమాణం 1. సదిశ ఎక్కడా కుదురుకోకుండా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

గూగుల్ తొలినాటి పేజ్‌ర్యాంక్ ఈ పద్ధతి మీదే నడిచింది. అక్కడ ప్రధాన ఐగెన్ విలువ 1 అని ముందే తెలుసు, కావాల్సింది సదిశ. అందులోని ఒక్కో సంఖ్య ఒక్కో పేజీకి దక్కిన మార్కు. లింకుల మాత్రికను 0.85తో గుణించి, మిగిలిన 0.15ను పేజీలన్నిటికీ పంచడం వల్ల రెండో ఐగెన్ విలువ 0.85 దాటదు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ బృందం 32.2 కోట్ల లింకుల మీద లెక్క వేస్తే సుమారు 52 మెట్లలో తగినంత కచ్చితత్వం వచ్చింది. 0.85ను 52 సార్లు గుణిస్తే సుమారు 0.0002. ఆ 0.85ను 0.99కి పెంచితే మార్కులు అసలు లింకుల తీరుకు మరింత దగ్గరగా ఉంటాయి, కానీ ఆ పైపరిమితి ప్రకారం అంతే కచ్చితత్వానికి దాదాపు 840 మెట్లు పడతాయి.