శుభలేఖ ఇటలీకి వెళ్లాలంటే

అమ్మాయి మిలాన్‌లో ఉద్యోగం చేస్తోంది, పెళ్లి రాజమండ్రిలో. ఆఫీసు స్నేహితులు నలుగురు, వాళ్లలో ఒకరి తల్లిదండ్రులు కూడా వస్తామన్నారు. ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు, కార్డు ఎలాగూ అచ్చయింది కదా, దాన్నే ఇటాలియన్‌లోకి మార్చి పంపితే చాలనుకుంటారు. చాలదు. మన శుభలేఖ తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు రాసుకునే కాగితం. ఏ పూట బయల్దేరాలో, ఎప్పుడు భోంచేయాలో, పీటల దగ్గర ఎవరేం చేస్తారో చదివేవాళ్లకు ముందే తెలుసన్న ధీమాతో అది నడుస్తుంది. ఇటలీవాళ్లకు అక్కర్లేనివి అందులో చాలా ఉంటాయి. కావలసినవి మాత్రం ఉండవు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ముహూర్తం. కార్డు మీద ‘9వ తేదీ శనివారం రాత్రి 2.47 నిమిషాలకు’ అని ఉందనుకుందాం. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. కాబట్టి తెల్లవారే వరకూ అది శనివారమే. కొందరు జాగ్రత్తపరులు పక్కన ‘తెల్లవారితే ఆదివారం’ అని వేయిస్తారు. ఇటలీవాళ్లు మాత్రం అర్ధరాత్రితోనే తేదీ మార్చేస్తారు. ఉన్నదున్నట్టు మారిస్తే ‘9వ తేదీ 2 గంటల 47 నిమిషాలు’ అవుతుంది. అంటే శుక్రవారం అర్ధరాత్రి దాటాక అన్నమాట. అతిథులు ఒక రోజు ముందే వచ్చి ఖాళీ కల్యాణ మండపం ముందు నిలబడతారు. పోనీ మధ్యాహ్నం 2.47 అనుకుంటారేమో అంటే ఆ భయం లేదు. అక్కడ 24 గంటల గడియారం వాడతారు, మధ్యాహ్నమైతే 14.47 అని రాస్తారు. దీనికి ఇటాలియన్‌లోనే చక్కటి వాడుక ఉంది: ‘నెల్లా నొత్తె త్రా సాబతో నోవె ఎ దొమేనికా దియేచి’, అంటే 9 శనివారానికీ 10 ఆదివారానికీ నడుమ రాత్రి. ఈ ఒక్క ముక్క సరిగా పడితే సగం పని అయినట్టే.

ముహూర్తం వెంట వచ్చే సంవత్సరం, మాసం, లగ్నం సంగతి వేరు. 2026 ఉగాదితో మొదలైనది పరాభవ నామ సంవత్సరం. ఉత్సాహం కొద్దీ దానికి అర్థం వెతికి రాస్తే ‘అవమానం అనే సంవత్సరంలో మా అమ్మాయి పెళ్లి’ అవుతుంది! అరవై ఏళ్ల చక్రంలో అదొక పేరు మాత్రమే. పేరును పేరుగా ఉంచి ఊరుకోవాలి, లేదా తీసేయాలి. లగ్నానికి ఆ ఇబ్బంది లేదు. మీన లగ్నం అంటే అక్కడి రాశిఫలాల భాషలో ‘అషెందెంతె పేషి’. పత్రికల్లో వారఫలాలు చదివే ఇటాలియన్‌కు వెంటనే బోధపడుతుంది.

ఇక భోజనం. ఇటలీలో ముందు పెళ్లి, తర్వాత గంటల తరబడి విందు. పెళ్లి కబురు చెప్పే కార్డును ‘పార్తెచిపత్సియోనె’ అంటారు. విందుకు పిలిచే చిన్న కార్డు ‘ఇన్వీతో’ దానిలోనే వేరుగా పెడతారు. వచ్చేదీ రానిదీ ముందే చెప్పాలి, ఆ లెక్కతోనే కుర్చీలు వేస్తారు. మన రాత్రి పెళ్లిలో ‘విందు: రాత్రి 7 గంటల నుంచి’ అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెళ్లయ్యాకే భోజనమని నమ్మేవాళ్లు ఆ వరుసను పట్టించుకోరు. ఆకలితో తెల్లవారుజాము దాకా కూర్చుంటారు. అందుకే ఇటాలియన్ కాగితంలో ముహూర్తం కంటే పైన భోజనం వేళ రావాలి: ఏడింటికి భోజనం, ఆ తర్వాత గౌరీపూజ వగైరా, 2.47కు అసలు ఘట్టం, తెల్లవారాక టిఫిన్.

అసలు ఘట్టం ఏదన్నది కూడా చెప్పాలి. చాలామంది పరాయివాళ్లు తాళి కట్టడమే ముహూర్తం అనుకుని అప్పటిదాకా ఫోన్లు జేబులో పెట్టుకుంటారు. తాళిబొట్టును వాళ్ల పెళ్లి ఉంగరంతో పోల్చి చెబుతారు కనుక అలా అనుకోవడం సహజమే. తెలుగు పెళ్లిలో పంచాంగం లెక్కగట్టిన నిమిషం జీలకర్ర బెల్లానిది. వధూవరులు తమలపాకులో పెట్టిన ఆ ముద్దను ఒకరి తలపై ఒకరు ఉంచుతారు, నడుమ ఉన్న తెర తొలగుతుంది, మేళం జోరందుకుంటుంది. మంగళసూత్రం ఆ తర్వాతి మాట. ‘2.45కల్లా లేచి నిలబడండి, తెర దిగేటప్పుడు అక్షింతలు వేయండి’ అని రాస్తే అతిథికి అంతకన్నా వివరణ అక్కర్లేదు. బియ్యం చల్లడం వాళ్లకు కొత్త కాదు. చర్చిలోంచి బయటికొచ్చే జంట మీద ఇటలీలోనూ బియ్యం చల్లుతారు. అయితే తలంబ్రాలు వేరు. అవి వధూవరులు ఒకరి మీద ఒకరు పోసుకునేవి, అతిథులు చూసి నవ్వుకునేవి. ఈ రెంటినీ కలిపేసి రాస్తే ఉత్సాహవంతుడొకడు తలంబ్రాల పళ్లెంలో చెయ్యి పెడతాడు.

కన్యాదానంలో వధువు తండ్రి వరుడి కాళ్లు కడగడం కొందరికి వింతగా తోస్తుంది. ఈస్టర్‌కు ముందు గురువారం నాడు చర్చిలో పాదాలు కడిగే ఆచారం కాథలిక్కులకు తెలుసు. కానీ అది సేవాభావం. ఇక్కడ వరుణ్ణి విష్ణు స్వరూపంగా భావించి కడుగుతారు. పోలిక చెప్పి, తేడా కూడా ఒక వాక్యంలో చెబితే సరి.

చుట్టరికాల దగ్గర మాత్రం ఇటాలియన్ మొండికేస్తుంది. పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త భర్త అందరూ అక్కడ ‘త్సీయో’లే. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తెచ్చేది మేనమామ. ‘త్సీయో తెస్తాడు’ అని రాస్తే ఏ త్సీయో అని అడుగుతారు. ‘తల్లి సోదరుడు’ అని విడమరచాలి. సొంత మేనమామ లేకపోతే ఆ వరుసైనవాళ్లు ఆ పని చేస్తారని చేర్చాలి. కార్డు తాతగారి పేరిట వేసి ‘మా మనవరాలు’ అంటే ఇంకో తంటా. ఇటాలియన్ ‘నిపోతె’లో మనవరాలూ ఉంది, మేనకోడలూ ఉంది. ‘మా అబ్బాయి కూతురు’ అని రాస్తే గొడవ తీరుతుంది. పెదనాన్న కొడుకును కూడా మనం అన్నయ్య అనే అంటాం. అలాంటివాళ్లను ‘సోదరుడు’ అని వేస్తే, ఒక్కతే కూతురని విన్న స్నేహితులకు పెళ్లిలో అరడజను అన్నలు కనబడతారు. వాళ్లను ‘కుజీనో’ అనడమే మంచిది. లాజహోమంలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోసేది అన్నదమ్ముడి వరుసవాడు కనుక, ‘ఇక్కడ ఈ కుజీనోకు సోదరుడి హోదా’ అని ఒక మాట కలపాలి.

అన్నిచోట్లా ఇంత కష్టం ఉండదు. వియ్యంకులకు ఇంగ్లీషులో సూటి మాట లేదు గానీ ఇటాలియన్‌లో ‘కొన్‌సువోచెరి’ అని ఉంది. ద్వితీయ పుత్రిక మొత్తం సంతానంలోనూ రెండోదే అయితే ‘సెకొందొజేనితా’ అచ్చంగా అతుకుతుంది. ఇలాంటి పని ఇంగ్లీషు మీదుగా చేయించేవాళ్లు ఈ రెండింటినీ చేతులారా పోగొట్టుకుంటారు. పేర్లకూ ఇంగ్లీషు స్పెల్లింగే పంపితే ‘చంద్ర’ను ‘కంద్ర’ అని పిలుస్తారు. వాళ్ల చదువులో సి పక్కన హెచ్ వస్తే అది ‘క’. పిలవవలసిన నాలుగైదు పేర్ల పక్కన వాళ్ల తరహా స్పెల్లింగ్ వేరుగా ఇవ్వాలి.

ఇదంతా కార్డు వెనక కుక్కకండి. ముందు ఒక పేజీ విడిగా రాసి, విమానం టికెట్లు కొనకముందే వాళ్లకు అందేలా పంపండి. అందాక వాళ్లలో ఒకరికి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: మండపానికి ఏ రోజు ఎన్నింటికి వస్తున్నారు, భోజనం ఎప్పుడు చేస్తారు? శనివారం సాయంత్రం ఏడింటికి వచ్చి, రాగానే భోంచేస్తామంటే మీ అనువాదం సరిగ్గా ఉన్నట్టే.