లెక్క సున్నాకు వచ్చాకే ఆఖరి మెయిల్

పని అయిపోయింది. డ్రాయింగులు అప్పగించారు, ఆఖరి ఇన్వాయిస్ కూడా వెళ్లింది. ఇంతలో కంపెనీ అకౌంట్స్ విభాగం నుంచి ఫోన్: "సార్, బకాయిలేం లేవని ఒక మెయిల్ పెట్టేయండి, ఫైలు క్లోజ్ చేసి పేమెంట్ వేసేస్తాం." సొంతంగా చిన్న ఆఫీసు నడుపుకునే ఆర్కిటెక్టులకు, కాంట్రాక్టర్లకు ఈ మాట కొత్త కాదు. చాలామంది అడిగిన వెంటనే పంపేస్తారు కూడా. నిజానికి ముందు ఇన్వాయిస్ వెళ్లాలి, తర్వాత డబ్బు పడాలి, ఖాతా స్టేట్‌మెంట్ సున్నాకు రావాలి. బకాయి లేదన్న మాట ఆ తర్వాతే రాయాలి.

సున్నా ఎలా వస్తుందో ఒక లెక్కతో చూద్దాం. విజయవాడ ఆర్కిటెక్టు ఒకరు గుంటూరులోని ఒక కంపెనీకి ఆఫీసు భవనం డిజైన్ చేసిచ్చారనుకుందాం. ఫీజు 2 లక్షలు, దానిపై 18 శాతం జీఎస్టీ 36 వేలు, మొత్తం 2,36,000 రూపాయలు. మూడు విడతల్లో ఇన్వాయిస్‌లు వేశారు. మొదటి రెండూ ఒక్కోటి 94,400, ఆఖరిది 47,200. వృత్తి ఫీజు కాబట్టి కంపెనీ 10 శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది చెల్లిస్తుంది. మొదటి రెండు విడతల్లో ఒక్కోసారి 8 వేలు పట్టుకుని 86,400 పంపింది. ఆ రెండు లెక్కలూ సరిపోయాయి.

చిక్కు ఆఖరి విడతలో వచ్చింది. 2025 నవంబరులో బ్యాంకులో 43,200 పడాల్సింది, 42,480 పడింది. 720 తక్కువ! ఇన్వాయిస్‌లో జీఎస్టీని విడిగా చూపిస్తే టీడీఎస్‌ను ఫీజు మీదే పట్టుకోవాలి, జీఎస్టీ కలిపిన మొత్తం మీద కాదు. అక్కడి గుమాస్తా 40,000 మీద కాకుండా 47,200 మీద లెక్కగట్టి 4,720 కోశారు. ఆ సొమ్మంతా ఆర్కిటెక్టు పాన్ నంబరు మీద జమైతే నష్టమేమీ లేదు, రిటర్నులో తిరిగి వస్తుంది. అందుకే స్టేట్‌మెంట్‌లో బ్యాంకు జమలతో పాటు టీడీఎస్‌కూ వేరే వరుస ఉండాలి. బ్యాంకులో పడింది 2,15,280, టీడీఎస్ 20,720. రెండూ కలిపితే 2,36,000. ఇన్వాయిస్‌ల మొత్తంలోంచి తీసేస్తే మిగిలేది సున్నా.

అయితే ఈ సున్నా కాగితం మీదిది. నవంబరులో పట్టుకున్న పన్నును కంపెనీ డిసెంబరు 7 లోపు ప్రభుత్వానికి కట్టాలి, దాని వివరాలతో రిటర్ను జనవరి 31 లోపు దాఖలు చేయాలి. అప్పటిదాకా ఆర్కిటెక్టు 26ఏఎస్ పట్టికలో ఆ జమ కనిపించకపోవచ్చు. అలాగని మెయిల్‌ను అన్ని నెలలు ఆపనక్కర్లేదు, ఆ ఒక్క షరతు అందులో రాస్తే చాలు:

"ఈ డిజైన్ పనికి సంబంధించిన మూడు ఇన్వాయిస్‌లకూ పూర్తి చెల్లింపు అందింది. ఆఖరి ఇన్వాయిస్, ఖాతా స్టేట్‌మెంట్ జతచేస్తున్నాను. మీరు మినహాయించిన టీడీఎస్ 20,720 రూపాయలు నా పాన్‌పై జమ కావడానికి లోబడి, ఈ పని కింద మీ నుంచి నాకు రావలసిన బకాయి ఏమీ లేదు. మీ లెక్కతో సరిపోయిందో లేదో దయచేసి తెలియజేయండి."

ఇందులో "ఈ పని కింద" అన్న మాటను వదలకూడదు. అదే కంపెనీకి మరో పని చేస్తూ ఉంటే, వట్టి "బకాయి లేదు" అన్న వాక్యం దానికీ చుట్టుకునే ప్రమాదం ఉంది. జతచేసే ఇన్వాయిస్ కూడా పాత నంబరుతో ఉన్నదే కావాలి. కొత్త నంబరు వేసి మళ్లీ తయారుచేస్తే అదే పనికి రెండోసారి జీఎస్టీ కట్టాల్సిన చిక్కు వస్తుంది. చివర్లో బేరమాడి ఫీజు తగ్గించి, ఆ మేరకు జీఎస్టీ కూడా తగ్గించాలంటే క్రెడిట్ నోట్ ఇవ్వాలి. దాన్ని ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు రిటర్నులో చూపించాలి.

ఇక, డబ్బు పడకముందే మెయిల్ పెట్టేసినవాళ్ల సంగతేమిటి? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం, రావలసినవాడు తన బకాయిని పూర్తిగా గానీ కొంత గానీ వదులుకోవచ్చు. కాబట్టి ఎదుటివారు ఆ మెయిల్‌నే చూపించి, మీరే వదులుకున్నారని వాదించగలరు. బీమా కంపెనీతో బొఘారా పాలీఫ్యాబ్ సంస్థకు వచ్చిన వివాదంలో 2008లో సుప్రీంకోర్టు ఇలాంటి పత్రాల గురించి వివరంగా చెప్పింది. ఇష్టపూర్వకంగా ఇచ్చిన పూర్తి పరిష్కార పత్రంతో వివాదం ముగుస్తుంది. సంతకం పెడితేనే డబ్బిస్తామని ఒత్తిడి చేసి తీసుకున్న పత్రమైతే దానంతట అదే తలుపు మూసెయ్యదు. కానీ ఒత్తిడి జరిగిందని నిరూపించే భారం సంతకం పెట్టినవారి మీదే పడుతుంది. ఏళ్లు గడిచాక 43 వేల కోసం ఆ భారం మోయడం చిన్న ఆఫీసు వల్ల అయ్యే పని కాదు. అకౌంట్స్ వాళ్లు తొందరపెడితే, "ఆఖరి ఇన్వాయిస్ కింద 43,200 రాగానే మెయిల్ పంపుతాను" అని రాసి పంపితే, అప్పటికి బకాయి ఉందన్న సంగతి కూడా రాతపూర్వకంగా నిలుస్తుంది.