తొలి ఏడాది తొంభై తొమ్మిది... మలి ఏడాది?

ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఊళ్లకు పంపే ఒక కుటుంబం వెబ్‌సైట్ పెట్టుకుందామనుకుంది అనుకుందాం. అమ్మకపు సంస్థ పేజీలో పెద్ద అక్షరాలతో 99 రూపాయలని ఉంది. చివర .shop వచ్చే పేరు కొన్నారు. జీఎస్టీతో కలిపి 117 రూపాయలు కూడా దాటలేదు. ఆ పేరునే సీసాల లేబుళ్ల మీద, అట్టపెట్టెల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చు వేయించారు. ఏడాది తిరిగేసరికి కార్డు నుంచి 5,900 రూపాయలు కోత పడింది.

ఈ అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి. ఇలాంటి బిల్లులు మాత్రం కల్పన కాదు. ఈ 5,900ను విప్పి చూస్తే పేరు రెన్యువల్ 3,200, చిరునామా వివరాలు బయటికి కనిపించకుండా దాచే సేవకు 600, మొదటి ఏడాది ‘ఉచితం’గా అంటగట్టిన ఈమెయిల్‌కు 1,200 ఉంటాయి. మొత్తం 5,000 అయింది. దాని మీద 18 శాతం జీఎస్టీ 900. ఇందులో పేరు నిలబడాలంటే తప్పనిసరిగా కట్టాల్సింది 3,200, దాని మీద పన్ను మాత్రమే. వివరాలు దాచే సేవను ఊరికే ఇచ్చే సంస్థలు చాలానే ఉన్నాయి. ఆ ఈమెయిల్‌ను ఇంట్లో ఎవరూ ఒక్కసారైనా తెరిచి ఉండరు.

ఎవరు పెంచారు?

డొమైన్ పేరు వెనక ఇద్దరు వ్యాపారులుంటారు. పొడిగింపు మొత్తాన్ని నిర్వహించేది రిజిస్ట్రీ. .comకు వెరిసైన్, .inకు మన దేశంలోని నిక్సీ రిజిస్ట్రీలు. వాళ్ల దగ్గర టోకున కొని మనకు చిల్లరగా అమ్మేది రిజిస్ట్రార్. మనం డబ్బు కట్టేది రిజిస్ట్రార్‌కే. బిల్లు ఎక్కువ వచ్చినప్పుడు పెంచింది ఈ ఇద్దరిలో ఎవరో తేల్చుకోవాలి. మందు దాన్ని బట్టే ఉంటుంది.

.com టోకు ధర 2024 సెప్టెంబరు 1న 10.26 డాలర్లకు చేరింది. అమెరికా ప్రభుత్వంతో ఉన్న ఒప్పందం వల్ల వెరిసైన్ దాన్ని ఇష్టం వచ్చినంత పెంచలేదు. డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థకు చేరే నామమాత్రపు రుసుము కలిపినా మన రూపాయల్లో వెయ్యికి అటూ ఇటూ. అలాంటి .comకు మీ రిజిస్ట్రార్ పన్ను కాక 1,500 అడుగుతుంటే ఆ పై మొత్తం అతని లాభమే. ఇంకో రిజిస్ట్రార్ దగ్గరికి మారితే తగ్గుతుంది.

.shop, .online, .store, .xyz లాంటి కొత్త పొడిగింపుల కథ వేరు. వాటి రిజిస్ట్రీలకు ఇలాంటి ధరల కట్టడి లేదు. జనాన్ని రప్పించుకోవడానికి మొదటి ఏడాది టోకు ధరనే బాగా తగ్గించి రిజిస్ట్రార్లకు ఇస్తాయి. రెండో ఏడాది నుంచి అసలు టోకు ధర మొదలవుతుంది. కొత్త అల్లుడికి జరిగిన మర్యాద పాత అల్లుడికి జరగదు కదా! ఇక్కడ రిజిస్ట్రార్‌ను మార్చినా మిగిలేది కొంచెమే. పైగా లేబుళ్లన్నీ అచ్చయిపోయాయి కాబట్టి పేరు వదులుకోవడం కష్టం. వ్యాపారం మొత్తం ఆ కష్టం మీదే నడుస్తోంది.

అందుకే జాగ్రత్త పడాల్సింది కొనేటప్పుడు. 99 రూపాయల .shopను ఐదేళ్లు ఉంచుకుంటే, ధర మరి పెరగదనుకున్నా 12,899 అవుతుంది. 799కి కొన్న .comను ఏటా 1,100కు రెన్యువల్ చేయించుకుంటే అదే ఐదేళ్లకు 5,199. రెండూ పన్ను కలపని లెక్కలే.

రెన్యువల్ ధర కనబడకపోతే ఒక చిట్కా ఉంది. డబ్బు కట్టే ముందు పేజీలో ఏడాది అని ఉన్నచోట రెండేళ్లు అని మార్చి చూడండి. చాలాచోట్ల ఆఫర్ మొదటి ఏడాదికే ఉంటుంది కాబట్టి, పెరిగిన మొత్తమే రెండో ఏడాది ధర. ‘ప్రీమియం’ అని రాసి ఉన్న పేర్ల దగ్గర మరింత మెలకువ అవసరం. కొన్నింటికి రెన్యువల్ కూడా ప్రీమియమే.

మారాలంటే ఎప్పుడు?

రిజిస్ట్రార్‌ను మార్చడం చాలామంది భయపడేంత పని కాదు. పాత సంస్థ ఖాతాలో డొమైన్ లాక్ తీయాలి. ఆథరైజేషన్ కోడ్ తీసుకోవాలి. కొత్త సంస్థలో ఆ కోడ్ ఇచ్చి ఒక ఏడాది రుసుము కట్టాలి. .com లాంటి పేర్లకు ఆ ఏడాది పాత గడువుకు కలుస్తుంది, అంటే మిగిలిన నెలలు వృథా కావు. పాత సంస్థ ఉలకకపోయినా మామూలుగా ఐదు రోజుల్లో బదిలీ పూర్తవుతుంది.

బెడిసికొట్టేది తేదీల దగ్గర. పేరు కొన్నాక గానీ, ఒకసారి బదిలీ చేశాక గానీ 60 రోజుల దాకా మార్చనివ్వరు. యజమాని పేరు దిద్దినా చాలా సంస్థలు అంతే కాలం లాక్ వేస్తాయి. కాబట్టి బదిలీకి ముందు ఆ వివరాల జోలికి వెళ్లకండి. ఇక గడువు దాటి, ఆటో రెన్యువల్ పడిన తర్వాత 45 రోజుల్లోపు మారితే, అప్పటికే కట్టిన ఏడాది రద్దవుతుంది. పాత సంస్థ డబ్బు తిరిగి ఇవ్వకపోతే ఒకే ఏడాదికి రెండుసార్లు కట్టినట్టే. గడువుకు కనీసం నెల ముందే పని ముగించాలి.

కోపంతో ఆటో రెన్యువల్ ఆపేసి తేదీ మరిచిపోవడం ఇంకా ప్రమాదం. గడువు తీరితే కొన్ని సంస్థలు కొద్ది రోజుల్లోనే వెబ్‌సైట్ ఆపేస్తాయి. గడువు తర్వాత ఇచ్చే గ్రేస్ వ్యవధి కూడా దాటాక 30 రోజుల రిడెంప్షన్ మొదలవుతుంది. అప్పుడు పేరును వెనక్కి తెచ్చుకోవాలంటే రెన్యువల్ ధరకు తోడు బరువైన రుసుము అడుగుతారు. అదీ దాటితే ఐదు రోజుల్లో పేరు రద్దయి ఎవరైనా కొనుక్కోవచ్చు. .com లాంటి పేర్లకు గడువుకు సుమారు నెల ముందు, మళ్లీ వారం ముందు గుర్తుచేయాలని ఐకాన్ నిబంధన ఉంది. ఆ మెయిళ్లు మీరు చూడని చిరునామాకు వెళ్తుంటే మాత్రం ఏ నిబంధనా కాపాడదు.

బ్యాంకు దగ్గర తాళం

యాంటీవైరస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే తంతు. ఆటో రెన్యువల్ సంగతి కొనుగోలుదారులకు సరిగ్గా చెప్పలేదన్న ఆరోపణపై 2009లో సిమాంటెక్, మెకఫీ సంస్థలు న్యూయార్క్ రాష్ట్రానికి చెరో 3,75,000 డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాయి.

మన దగ్గర కొంత రక్షణ ఉంది. కార్డు, యూపీఐ ఆటోపే కోతలకు 24 గంటల ముందు సందేశం రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన. మామూలుగా 15,000 దాటితే ఓటీపీ కూడా కావాలి. డొమైన్ బిల్లు అంత ఎత్తుకు పోదు కాబట్టి ఓటీపీ అడగకుండానే కోత పడిపోతుంది. అందుకే ఆటోపేకు ఒప్పుకునేటప్పుడు గరిష్ఠ మొత్తం ఎంతని ఉందో చదవండి. 99 రూపాయల సరుకుకు వేలల్లో అనుమతి అడిగితే విషయం అక్కడే అర్థమవుతుంది. ఆ అనుమతిని తర్వాతైనా బ్యాంకు యాప్‌లోనో, యూపీఐ యాప్‌లోనో రద్దు చేసుకోవచ్చు. అయితే మీకు కావాల్సిన పేరైతే ముందు వేరే దారిలో రెన్యువల్ చేయించాకే రద్దు చేయండి.

వదిలించుకోనివ్వని చందాలు, అడగకుండా బుట్టలో చేర్చే సేవలు, చివర్లో బయటపడే ఖర్చులు 2023 నవంబరు 30న కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం. కొనేటప్పుడు కనిపించిన ధరను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు పనికొస్తుంది.

ఒక్క విషయం మాత్రం ఈ ఆదివారమే చూసుకోండి. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడు డొమైన్‌ను మీ పేరు మీద కొన్నాడా, తన పేరు మీదా? తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో కొని ఉంటే రెన్యువల్ ధర చెప్పేదీ, బదిలీ కోడ్ ఇచ్చేదీ అతనే. గడువుకు చాలా ముందే, అతనితో మాటామంచీ బాగున్నప్పుడే దాన్ని మీ పేరు మీదికి మార్పించుకోండి.